ప్యాఁ, బ్యాఁ, మ్యాఁ

మా అమ్మాయికి రెండేళ్ళ ఎనిమిది నెలలప్పుడు, కూకట్‌పల్లిలో పిల్లల డాక్టరుగారు నన్ను ఫ్రెంచి మానేయమన్నారు.

పిల్లకి మాటలు రావడం లేదని తీసుకెళ్ళాం. ఆ వయసుకి పిల్లలు వాక్యాలు మాట్లాడతారు. మాది పదో పన్నెండో మాటలు అనేది, అవీ నాకూ వాళ్ళ నాన్నకీ తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. డాక్టరుగారు పిల్లని చూశారు, ఆడించారు, తర్వాత నన్నడిగారు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా?"

"మావారూ నేనూ తెలుగేనండి. పాపతో మాత్రం నేను రోజులో కొంతసేపు ఫ్రెంచి మాట్లాడతాను."

రాస్తున్న పెన్ను ఆపి ఆయన నా వైపు చూశారు. "ఫ్రాన్సులో ఉండొచ్చారా?"

"లేదండి."

"వెళ్ళబోతున్నారా?"

"లేదండి."

"మరెందుకు?"

నేను వంగి పిల్ల చెప్పు సరిచేశాను. డాక్టరుగారు మంచాయన, గట్టిగా కూడా అనలేదు. "పిల్ల రెండిటి మధ్యా నలిగిపోతోందమ్మా. ఒక్క భాషే ఉంచండి. ఆర్నెల్లు చూద్దాం" అన్నారు.

మెట్లు దిగుతుంటే మావారు, "కొన్నాళ్ళు ఆపి చూద్దాంలే" అన్నారు. సరేనన్నాను. బస్సులో పిల్ల నా ఒళ్ళో కూర్చుని కిటికీ అద్దం నాకుతోంది. వద్దని చెప్పాలనిపించలేదు. ఏ భాషలో చెప్పాలో తెలియక కాదు. అసలు నోరు తెరవాలనే అనిపించలేదు.

*

నాకు ఫ్రెంచి ఇంటర్మీడియట్‌లో వచ్చింది. మార్కులు బాగా వస్తాయని అందరూ తీసుకుంటే నేనూ తీసుకున్నాను. మార్కుల కోసం తీసుకున్నదాన్ని ఎందుకో ఇష్టపడ్డాను. డిగ్రీ అయ్యాక కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి, ఇంకా పై కోర్సులు చదివి, ఒక జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివిన పిల్లలెవరూ పరీక్ష అయ్యాక ఒక్క ఫ్రెంచి ముక్క మాట్లాడినట్టు నాకు తెలియదు. నేనూ ఫ్రెంచివాళ్ళతో మాట్లాడింది చాలా తక్కువ. కోర్సు చివర్లో మౌఖిక పరీక్ష పెట్టినావిడతో పదిహేను నిమిషాలు, అంతే.

అమ్మాయి పుట్టాక ఉద్యోగం మానేశాను. మావారి కంపెనీ మాదాపూర్‌కి మారితే మేమూ అక్కడే ఇల్లు తీసుకున్నాం. ఊరి పాత ఇళ్ళ వరసలో, కింద ఇంటివాళ్ళు, పైన మేము. చుట్టూ రాళ్ళగుట్టలు. ఎక్కడ చూసినా కొత్త భవనాలకి బండలు పేల్చేవాళ్ళు. మావారు, రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేసే పనిలో ఉండేవారు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. రోజంతా పిల్లా నేనే. నాకొచ్చిన భాష ఈ ఇంట్లో ఇంకొకరికైనా రావాలనుకున్నాను. డాక్టరుగారితో చెప్పలేకపోయింది ఇదే.

పిల్లకి ఏడాది నిండినప్పట్నుంచీ మొదలుపెట్టాను. ఎవరో చెప్పిన పద్ధతి కాదు, నాకు తోచినట్టు చేశాను. రోజంతా ఫ్రెంచి మాట్లాడేంత నాకు రాదు. మధ్యలో మాటలు అయిపోతాయి. అందుకని కొన్ని పనులకి మాత్రం ఫ్రెంచి అని పెట్టుకున్నాను. పొద్దున పాలు తాగేటప్పుడు, చేతులు కడిగేటప్పుడు, సాయంత్రం స్నానానికి, బట్టలు తొడిగేటప్పుడు. ఆ పనులకి కావలసిన వాక్యాలు ముందే నోట్‌బుక్‌లో రాసుకుని, తప్పులు దిద్దుకుని, రోజూ అవే అనేదాన్ని. చేతులకొక పాట, చెప్పులకొక పాట నేనే కట్టాను. నాలుగేసి మాటలు, అదే రాగం. అసలు ఉచ్చారణ కూడా చెవిన పడాలని, నేను చదివిన చోటి లైబ్రరీ నుంచి పిల్లల పాటల క్యాసెట్ తెచ్చి రోజుకొక వైపు వేసేదాన్ని. అమ్మాయి టేపురికార్డరు దగ్గరికి పోయి స్పీకరుకి చెంప ఆనించి కూర్చునేది. ఎంత ఇష్టమో అనుకుని మురిసిపోయాను.

పెళ్ళి శుభలేఖల అట్టలు దాచుకుని, వాటి వెనక పాత పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి అంటించాను. ఫ్రెంచిలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి ఉంటుంది. మగవాటికి నీలం గీత, ఆడవాటికి ఎర్ర గీత చుట్టూ గీసి, మాటకి ముందు ‘ల’ అనో ‘లా’ అనో చేర్చకుండా ఎప్పుడూ చెప్పేదాన్ని కాదు. మూడు కార్డులు చాప మీద పరిచి, "పిల్లి ఎక్కడ?" అని ఫ్రెంచిలో అడిగితే తను వేలు పెట్టాలి. చెప్పమని అడగకూడదు, ముందు చూపిస్తే చాలు అని నియమం పెట్టుకున్నాను.

చూపించేది కూడా. పిల్లీ చందమామా ఎదురెదురుగా ఉంటే తప్పేది కాదు. కానీ మూడు కార్డుల దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేది. రొట్టెని ‘ప్యాఁ’ అంటారు. స్నానం ‘బ్యాఁ’. చెయ్యి ‘మ్యాఁ’. మూడూ ముక్కుతో పలకాలి. రొట్టె అడిగితే చెయ్యి చూపించేది, చెయ్యి అడిగితే స్నానాల తొట్టి. నాకు సిగ్గనిపించేది. నా ముక్కు పలుకు సరిగ్గా లేదు, అందుకే పిల్లకి తేడా తెలియడం లేదనుకున్నాను. కోర్సులో మా టీచరుగారు చేతి అద్దం ఇచ్చి పెదవులు చూసుకుంటూ పలకమనేవారు. నేను పిల్లని వంటగట్టు మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదవులు సాగదీసి, గుండ్రం చేసి, ఒక్కొక్క మాటా పదిసార్లు పలికేదాన్ని. తను కళ్ళార్పకుండా నా నోరే చూసేది.

స్నానాల దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడలేదు. సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని, "ఓ బ్యాఁ!" అంటే పరుగెత్తుకొచ్చేది. పిల్లకి భాష అందుతోంది, ఇదిగో రుజువు అని మావారికి చూపించేదాన్ని. తువ్వాలు చూసి వస్తోందని నాకు తోచలేదు.

*

మానేయమన్న రోజు సాయంత్రం కార్డులన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో సర్ది బీరువా మీద పెట్టాను. క్యాసెట్ తిరిగి ఇచ్చేశాను. నోట్‌బుక్ చించలేదు గానీ మళ్ళీ తెరవలేదు.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కోపమూ రాలేదు. పొద్దున పాలు కాచేదాన్ని, పొంగిపోయేవి. పొంగుతుంటే అక్కడే నిలబడి చూసేదాన్ని, స్టవ్ కట్టేసేదాన్ని కాదు. మా అత్తగారు ఫోను చేసి, "పిల్లకి ముందు అమ్మా అత్తా అనడం రానివ్వమ్మా, ఆ తర్వాత దొరసానిని చేద్దువు గాని" అంటే, "అలాగేనండి" అన్నాను. ఆ మాట తగలాలి కదా, తగలలేదు. పిల్లతో తెలుగులో మాట్లాడాలి. కానీ దాదాపు రెండేళ్ళుగా ఆ పనులకి ఫ్రెంచే అలవాటు. చెప్పులు తొడుగుతూ ఏమనాలో తెలిసేది కాదు. మాట్లాడకుండానే తొడిగేదాన్ని. నా వల్ల పిల్ల చెడిపోయిందన్నది నేను ఒప్పేసుకున్న విషయం. ఎవరూ గట్టిగా వాదించి ఒప్పించలేదు. చెప్పగానే నమ్మేశాను.

కింద ఇంటి పెద్దమ్మ ఒకరోజు పైకొచ్చి గడపలో కూర్చుంది. మాదాపూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, రెండు బర్రెలున్నాయి. గొంతు వీధి చివరికి వినపడుతుంది.

"ఏంది బిడ్డా, గా పాటలు బంద్ జేసినవ్?"

"డాక్టరుగారు వద్దన్నారు పెద్దమ్మా. అందుకే మాటలు రావట్లేదట."

"గట్లన్నడా? మంచిగనే అన్నడు తియ్యి. నేను పిలుస్తె ఉరికొస్తది పోరి. మన భాష అయితె తెలుస్తది గద!"

అది నిజమే. పెద్దమ్మ కింద నుంచి "ఓ బిడ్డా!" అని కేక వేస్తే అమ్మాయి మెట్ల వైపు పరుగెత్తేది. నేను పిలిస్తే ఒక్కోసారి తలెత్తేది కాదు.

"చెవులు ఒకసారి చూపించాలేమో పెద్దమ్మా" అన్నాను. మాటవరసకే అన్నాను.

"చెవులకేమైంది? బండ పేలుతె జడుసుకొని ఏడుస్తది గద. నువ్వు పరేషాన్ గాకు."

అదీ నిజమే. మధ్యాహ్నం గుట్టల మీద పేలుడు వినిపిస్తే పిల్ల బెదిరి వచ్చి నా కాళ్ళు పట్టుకునేది. ఇక చెవుల సంగతి మరిచిపోయాను.

*

ఒక భాషే ఉంచి రెండు నెలలయింది. పిల్లలో మార్పేమీ లేదు. డాక్టరుగారు బొమ్మలు చూపించి తెలుగులోనే చెప్పించమన్నారు కాబట్టి మళ్ళీ బీరువా మీది డబ్బా దించాను. చందమామ కార్డుని ‘మామ’ అన్నాను, చంటిబిడ్డ కార్డుని ‘పాప’ అన్నాను. మామ ఏడీ అంటే పాపని చూపించేది. పాప ఏదీ అంటే ఒకసారి పాపని, ఒకసారి మామని. నేను దిద్దలేదు. తప్పు చూపిస్తే, "ఊఁ" అని తర్వాతది అడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. నేను గోడకి జారగిలబడి, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, అరచేతిలో మొహం పెట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు పెదవుల మీద ఉన్నాయి. ఎదురుగా మూడు కార్డులు.

"కుక్క ఏదీ?"

పిల్ల నా వైపు చూసింది. కార్డుల వైపు చూడలేదు.

"కుక్క ఏదమ్మా?"

అలాగే చూస్తోంది. అప్పుడు లేచి వచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, నోటి మీద నుంచి కిందికి లాగింది. మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చుని నా నోటి వైపు చూస్తూ ఎదురుచూసింది.

"కుక్క ఏదీ?" అన్నాను.

వెంటనే వేలు పెట్టింది.

ఇంకో కార్డు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, అదే గొంతుతో పిల్లి ఏదని అడిగాను. కార్డు పక్క నుంచి నా మొహం కోసం వంగి చూసింది. లేచి తన వెనక్కి వెళ్ళి, రెండడుగుల దూరంలో నిలబడి మామూలుగా పిలిచాను. తిరగలేదు. ఇంకోసారి పిలిచాను. కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. గట్టిగా, పెద్దమ్మలాగా అరిచాను. అప్పుడు తిరిగి నవ్వింది.

పాప, మామ. పెదవులు రెండుసార్లు కలుస్తాయి, రెండుసార్లు విడిపోతాయి. చూసేవాళ్ళకి రెండూ ఒకటే. ప్యాఁ, బ్యాఁ, మ్యాఁ కూడా అంతే. నా ముక్కు పలుకులో తప్పు లేదు. పిల్ల ఇన్నాళ్ళూ నా మాటలు విన్నది తక్కువ, చదివింది ఎక్కువ. వంటగట్టు మీద కూర్చోబెట్టుకుని, పెదవులు సాగదీసి చదవడం నేర్పింది నేనే.

ఆ క్షణంలో ఏదో ఒకటి అనిపించి ఉండాలి. నేను లేచి వెళ్ళి సాయంత్రానికి బియ్యం కడిగాను. కడిగిన నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ కడిగాను. మావారు రాగానే చెప్పాను. ఆయన నమ్మక, బూట్లు విప్పకుండానే పిల్ల వెనక నిలబడి పిలిచి చూశారు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత నేల మీద కూర్చుండిపోయారు.

"రేపే తీసుకెళ్దాం" అన్నారు.

"సరేనండి" అన్నాను.

*

చెవి ముక్కు గొంతు డాక్టరుగారు కోఠి వైపు ఉండేవారు. మధ్యవయసు మనిషి, తక్కువ మాట్లాడతారు. చెవిలో చిన్న లైటు పెట్టి చూశారు. తర్వాత రబ్బరు మొన ఉన్న గొట్టం చెవికి ఆనిస్తే యంత్రం కాగితం మీద గీత గీసింది. మామూలు చెవికి గీత కొండలాగా లేచి దిగుతుందట. మా అమ్మాయికి రెండు చెవులకీ తిన్నగా వెళ్ళిపోయింది.

"చెవి పర్దా వెనక జిగురులాంటి నీరు చేరిందమ్మా. ఎప్పుడూ జలుబు ఉంటుందా? నోరు తెరిచి పడుకుంటుందా?"

"అవునండి."

"ముక్కు వెనక గ్రంథులు పెరిగి ఉంటాయి. పూర్తి చెవుడు కాదు, భయపడొద్దు. పెద్ద శబ్దాలు వినపడతాయి. మాటలు నీళ్ళలో మునిగి విన్నట్టు వినపడతాయి. ఇంతకీ మీకెలా తెలిసింది?"

చెప్పాను. ఫ్రెంచి సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, చెప్పకపోతే కార్డుల సంగతి అర్థం కాదు. రొట్టె, స్నానం, చెయ్యి అన్నీ చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకి వంగి, "ఒకసారి పలకండి" అన్నారు. పలికాను. ఆయన చెవులు మూసుకుని, "మళ్ళీ" అన్నారు. మళ్ళీ పలికాను.

"నాకూ తేడా తెలియలేదు" అన్నారు.

మావారు అడిగారు. "మరి ఫ్రెంచి వల్ల కాదాండి?"

"దారి మూసుకుపోయాక తెలుగైనా ఒకటే, ఫ్రెంచైనా ఒకటే. రెండూ లోపలికి వెళ్ళవు."

మావారు నా వైపు చూశారు. ఆ చూపులో క్షమించమన్నట్టు ఉంది. నేను గోడ మీద వేలాడదీసిన చెవి బొమ్మ చూస్తున్నాను. లోపల నత్తగుల్లలాంటిది ఉంటుంది. దానికి ఊదారంగు వేశారు.

కొందరు పిల్లలకి ఆ నీరు దానంతటదే ఇంకిపోతుంది కాబట్టి మూడు నెలలు ఆగి చూద్దామన్నారు డాక్టరుగారు. ఈలోగా ఎదురుగా కూర్చుని, మొహం కనపడేట్టు, దగ్గరగా మాట్లాడమన్నారు. నేను ఫ్రెంచిలో దాదాపు రెండేళ్ళు చేసింది అదే. ఇప్పుడు అదే పని తెలుగులో చేశాను. చెప్పిన పని చెప్పినట్టు చేశాను. మావారు ఒకసారి, "ఫ్రెంచి కూడా మళ్ళీ మొదలుపెట్టకూడదూ?" అన్నారు. తెలియదన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

నీరు ఇంకలేదు. మూడు నెలల తర్వాత గీత అలాగే తిన్నగా వచ్చింది. ముక్కు వెనక గ్రంథులు తీసేసి, మళ్ళీ నీరు నిలవకుండా రెండు పర్దాల్లోనూ బియ్యపుగింజకన్నా చిన్న గొట్టాలు పెట్టారు. మత్తు దిగాక పిల్ల ఏడ్చింది, పాలు తాగింది, పడుకుంది. మర్నాడు ఇంటికి పంపేశారు.

ఆటోలో వస్తుంటే చెవులు రెండూ మూసుకుంది. లారీ హారన్ కొడితే నా చీర కొంగులో తల దూర్చింది. ఇంటికొచ్చాక కుళాయి విప్పితే ఆగి చూసింది, కట్టేస్తే మళ్ళీ విప్పమంది. పెద్దమ్మ ఆత్రంగా పైకొచ్చి, "ఓ బిడ్డా!" అంది. పిల్ల బెదిరి నా వెనక దాక్కుంది.

పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "నేను పిలుస్తె గిట్ల జడుసుకుంటదేంది?"

"నీ గొంతు సరిగ్గా ఇప్పుడే వినపడింది పెద్దమ్మా. మెల్లగా పిలువు."

ఆవిడకి మెల్లగా మాట్లాడడం రాదు. చాలాసేపు ప్రయత్నించి, దగ్గినట్టుగా పిలిచింది. పిల్ల తొంగి చూసింది. మావారు పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయన ఏడుస్తున్నారని నాకు తెలుసు. నేను పెద్దమ్మకి మజ్జిగ ఇచ్చాను.

*

మాటలు ఒక్కసారిగా రాలేదు. నెలకి కొన్ని చొప్పున వచ్చాయి. నేను ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు, కింద పెద్దమ్మ తెలుగు వచ్చింది. ‘గిట్ల’, ‘ఇగ’, ‘జర ఆగు’. అందరూ సంతోషించారు. మా అత్తగారు ఫోనులో పిల్ల మాట విని, "ఇదేం యాసమ్మా?" అని నవ్వారు. నేనూ నవ్వాను, ఫోను పెట్టేశాక నవ్వు ఆపేశాను.

ఒక సాయంత్రం స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలుపుతూ, అనుకోకుండా ఫ్రెంచిలో నీళ్ళు వేడిగా ఉన్నాయన్నాను. పిల్లతో మాట్లాడుతూ నా నోట ఆ భాష రావడం ఏడు నెలల తర్వాత అదే. వచ్చింది కదా అని మర్నాడు కూడా అన్నాను. చెవుల్లో నీళ్ళు పోకుండా దూదికి వ్యాజలీను రాసి పెడుతూ, చెవి, దూది, కళ్ళు మూసుకో అని చెప్పేదాన్ని. పిల్ల ఊరుకునేది. పదిరోజులు గడిచాయి.

పదకొండో రోజో పన్నెండో రోజో, నేను ఫ్రెంచిలో మొదలుపెట్టగానే అమ్మాయి చెంబు కింద పెట్టేసింది.

"వద్దు. గట్ల మాట్లాడకు."

నేను వినిపించుకోనట్టు ఇంకో వాక్యం అన్నాను.

"నాకు గా మాటలు వద్దు! నువ్వు మంచిగ మాట్లాడు!"

అది అప్పటిదాకా తను అన్న అన్నిటికన్నా పెద్ద మాట. రెండు వాక్యాలు, తప్పు లేకుండా. మావారు ఉంటే ఎత్తుకుని తిప్పేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచిగ మాట్లాడమంటుందా? ఇదెవరి కోసం? రాత్రింబవళ్ళు కూర్చుని వాక్యాలు రాసుకున్నదెవరు? శుభలేఖలు కత్తిరించిందెవరు? "మంచిగానే మాట్లాడుతున్నాను! ఇదీ మంచి భాషే!" అని అరిచాను. బాత్రూం గోడలకి తగిలి నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పిల్ల ఏడ్చింది. నేను తడినేల మీద చతికిలబడి ఏడ్చాను. పిల్లల డాక్టరుగారి మెట్లు దిగినప్పట్నుంచీ నాకు కోపం వచ్చింది అదే మొదలు. అంత చిన్నపిల్ల మీద రావడం న్యాయం కాదు, కానీ వచ్చింది.

కాసేపటికి తను ఏడుపు ఆపి, నా జుట్టు మీద చెంబుతో నీళ్ళు పోసింది. 

ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. స్నానం దగ్గరా, పొద్దున పాల దగ్గరా నేను ఫ్రెంచిలో అంటాను. తను పెద్దమ్మ తెలుగులో జవాబిస్తుంది. తనని ఫ్రెంచిలో అనమని నేను అడగకూడదు.

"ఈ రోజు జడ వేసుకుంటావా?" అని నేను ఫ్రెంచిలో అడిగేదాన్ని.

"ఏసుకోను. ఇగ నువ్వు ఏసుకో" అనేది, దువ్వెన నా చేతిలో పెట్టి.